పరిచయం లేని వ్యవస్థాపకులకు ఈమెయిల్: సబ్జెక్ట్ లైన్, మొదటి వాక్యం ఎలా ఉండాలి?

ప్రశ్న: నేనూ నా స్నేహితురాలూ కలిసి సాఫ్ట్‌వేర్ సంస్థల సహాయ పేజీలు రాసి, సరిదిద్దే పని చేస్తున్నాం. చిన్న సంస్థల్లో నిర్ణయం వ్యవస్థాపకులదే కాబట్టి వారికే నేరుగా ఈమెయిల్ రాస్తున్నాం. ఇప్పటివరకు అరవై మందికి రాస్తే ఇద్దరే జవాబిచ్చారు, ఇద్దరూ "ఇప్పుడు అవసరం లేదు" అన్నారు. మా సబ్జెక్ట్ లైన్ "మీ సంస్థ ఎదుగుదలకు ఒక మంచి అవకాశం". మొదటి వాక్యం "మీరు క్షేమమని తలుస్తాను; నా పేరు ఫలానా, మేము సాఫ్ట్‌వేర్ సంస్థలకు సమగ్రమైన డాక్యుమెంటేషన్ సేవలు అందిస్తున్నాం". సగానికి పైగా మెయిళ్లు తెరిచినట్టు మేము వాడే టూల్ చూపిస్తోంది కనుక సబ్జెక్ట్ లైన్ బాగానే ఉందని, లోపల రాసిందే బాగాలేదని నేను అనుకుంటున్నాను. నా భాగస్వామి మాత్రం సబ్జెక్ట్ ముందు "Re:" పెడదామని, లేదంటే "మీ సైట్‌లో పెద్ద సమస్య" అని రాద్దామని పట్టుబడుతోంది. అది మోసమని నాకు అనిపిస్తోంది, కానీ నా పద్ధతి పనిచేయడం లేదని తను ఎత్తిచూపితే జవాబు లేదు. ఈ మాట మీద మా మధ్య రోజూ వాదన జరుగుతోంది. ఏం చేయమంటారు? — పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: మీ ఇద్దరి వాదనకూ ఆధారంగా నిలిచింది ఆ "సగానికి పైగా తెరిచారు" అన్న లెక్క. ముందు దాన్నే పరిశీలించాలి, ఎందుకంటే ఆ లెక్క నిలబడకపోతే సబ్జెక్ట్ లైన్ బాగుందన్న మీ అభిప్రాయమూ నిలబడదు. మెయిల్ తెరిచారో లేదో తెలుసుకోవడానికి ఇలాంటి టూల్స్ లోపల కంటికి కనిపించని చిన్న బొమ్మను పెడతాయి. ఆ బొమ్మ డౌన్‌లోడ్ అయితే మెయిల్ తెరిచినట్టు లెక్క వేసుకుంటాయి. 2021 సెప్టెంబరులో ఆపిల్ ఐఓఎస్ 15తో తెచ్చిన మెయిల్ గోప్యతా సదుపాయాన్ని ఎంచుకున్నవారి విషయంలో, మనిషి మెయిల్ చూడకపోయినా ఆ బొమ్మలు ముందుగానే డౌన్‌లోడ్ అయిపోతాయి. కొన్ని సంస్థల భద్రతా ఫిల్టర్లు కూడా లోపలికి వచ్చే ప్రతి మెయిల్‌నూ ముందే తెరిచి తనిఖీ చేస్తాయి. అందువల్ల మీ టూల్ చూపిస్తున్న సంఖ్యలో మనుషులు ఎందరో, యంత్రాలు ఎన్నో విడదీయడం సాధ్యం కాదు. సబ్జెక్ట్ లైన్ గెలిచి లోపలి వాక్యం ఓడిందన్న నిర్ణయానికి మీ దగ్గర ఆధారం లేదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. సబ్జెక్ట్ లైన్‌నూ మొదటి వాక్యాన్నీ మీరు రెండు వేర్వేరు దశలుగా చూస్తున్నారు: మొదటిది తెరిపించేది, రెండోది చదివించేది అని. కానీ తీరిక లేని మనిషి మెయిళ్లు చూసుకునేది తెరిచి కాదు, జాబితాలో. ఆ జాబితాలో ప్రతి మెయిల్‌కూ పంపినవారి పేరు, సబ్జెక్ట్, దాని పక్కనో కిందనో లోపలి పాఠం మొదటి ముక్క, ఈ మూడూ ఒకేసారి కనిపిస్తాయి. ఐఫోన్‌లోని మెయిల్ యాప్ మామూలుగా లోపలి పాఠాన్ని రెండు వరుసల మేర చూపిస్తుంది. ఫోన్‌లో జీమెయిల్ యాప్ అంతకన్నా తక్కువే చూపిస్తుంది. అంటే మీ మొదటి వాక్యం సబ్జెక్ట్‌తో పాటే, మెయిల్ తెరవకముందే చదవబడుతోంది. వ్యవస్థాపకుడు వేలు పైకి జరుపుతూ ఆ మూడింటినీ ఒకే చూపులో చూసి, ఉంచాలా తీసేయాలా అని నిర్ణయించుకుంటాడు. కాబట్టి ఆ రెంటినీ ఒకే వాక్యంలోని రెండు సగాలుగా రాయాలన్నది నా మొదటి సూచన.

మీ మెయిల్‌ను ఆ దృష్టితో ఫోన్ తెరమీద ఊహించి చూడండి. పైన "మీ సంస్థ ఎదుగుదలకు ఒక మం" దగ్గర సబ్జెక్ట్ తెగిపోతుంది, ఎందుకంటే ఫోన్‌లో సబ్జెక్ట్‌కు దక్కే చోటు చాలా తక్కువ. తెలుగు అక్షరాలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి తెలుగులో రాస్తే నాలుగైదు పదాలకు మించి కనిపిస్తాయని నమ్మకం పెట్టుకోలేం. కింద "మీరు క్షేమమని తలుస్తాను, నా పేరు" అని వస్తుంది. ఈ రెండు వరుసల్లో మీరు చేసే పని ఏమిటో లేదు, ఆయన సంస్థ గురించి ఒక్క మాటా లేదు. మీ పేరైతే పంపినవారి చోట అప్పటికే కనిపిస్తోంది, మళ్లీ చెప్పడంతో ఉన్న కొద్ది చోటూ ఖర్చయిపోయింది. మీరు అమర్యాదగా రాయలేదు. పరిచయం ఉన్నవారికి రాసే ఉత్తరంలో క్షేమం అడగడం సహజమే. అయితే ఆ వాక్యాన్ని అరవై మందిలో ఎవరికి పంపినా సరిపోతుంది. చదివేవారు మొదటి చూపులో పట్టుకునేది సరిగ్గా అదే.

ఇదే గీటురాయిని మీరు ఇకపై రాసే ప్రతి మొదటి వాక్యానికీ పెట్టండి: పేరు మార్చి ఈ వాక్యాన్ని మరో సంస్థకు పంపితే ఇది ఇంకా నిజమేనా? నిజమే అయితే అది ఆయనకు రాసింది కాదు. చాలామంది ఈ పరీక్షను పైపైన దాటడానికి సంస్థ పేరునూ మనిషి పేరునూ సబ్జెక్ట్‌లో పెడతారు. అది వ్యక్తిగతమని ఇప్పుడెవరూ అనుకోరు, ఎందుకంటే పట్టికలోని పేరును యంత్రం ఖాళీలో నింపడమే అదని అందరికీ తెలిసిపోయింది. పైగా పట్టికలో సంస్థ పేరు "ప్రైవేట్ లిమిటెడ్"తో సహా ఉంటే అలాగే వచ్చి కూర్చుంటుంది. తన సంస్థను రోజూ ఆ పూర్తి పేరుతో పిలుచుకునే వ్యవస్థాపకుడు ఎవరూ ఉండరు కాబట్టి, ఆ ఒక్క ముక్కతోనే మెయిల్ పుట్టుక బయటపడుతుంది. పొగడ్తదీ అదే దారి. "మీ ఉత్పత్తి అద్భుతంగా ఉంది" అన్న వాక్యం తరవాత ఏదో అమ్మజూపే మాట వస్తుందని వారు ఎన్నోసార్లు చూసి ఉన్నారు. పొగడ్త ఎంత మనస్ఫూర్తిగా రాసినా ఆ తరవాతి వాక్యాన్నే సూచిస్తుంది.

మీ వృత్తికి ఇందులో ఒక అరుదైన అనుకూలత ఉంది, దాన్ని మీరు ఇంకా వాడుకోలేదు. మీరు సరిదిద్దే వస్తువు, అంటే సహాయ పేజీలు, బయటివారికి తెరిచే ఉంటాయి. లెక్కల పద్ధతి బాగుచేస్తామనేవారికి ఎదుటి సంస్థ లెక్కలు కనిపించవు. మీకు మాత్రం ఎవరి అనుమతీ అడగకుండానే పని పరిస్థితి కనిపిస్తుంది. కాబట్టి మీ మొదటి వాక్యం మీ గురించి కాక, మీరు చూసిన ఒక నిర్దిష్టమైన విషయం గురించి ఉండగలదు. అది వ్యవస్థాపకుడికి అప్పటికి తెలియని విషయం కావాలి. తెలిసిన సంగతిని చెప్పే వాక్యం ఎంత కచ్చితంగా ఉన్నా చదివేవారిని ముందుకు నడిపించదు.

ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా రాసి చూద్దాం. ఇన్‌వాయిస్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న సంస్థ ఒకటి ఉందనుకోండి. కొద్ది నెలల కింద వారు తమ ఉత్పత్తి డిజైన్ మార్చారు. మీరు ట్రయల్ ఖాతా తెరిచి, కొత్త వినియోగదారుకు తప్పక ఎదురయ్యే ఒక పనిని, ఉదాహరణకు పంపిన ఇన్‌వాయిస్‌ను రద్దు చేయడాన్ని, పూర్తిగా సహాయ పేజీని నమ్ముకుని చేయడానికి ప్రయత్నించారు. ఆ పేజీ ఎడమవైపు ఉన్న "బిల్లింగ్" మెనూ తెరవమంటోంది. కొత్త డిజైన్‌లో ఆ మెనూ లేదు. ఆ పని ఇప్పుడు "పత్రాలు" అనే చోట ఉంది. మిగతా పేజీలు తిరగేస్తే అదే పాత మెనూను చూపిస్తున్నవి మరో ఆరు కనిపించాయి. ఇదంతా సుమారు అరగంట పని, చేతికి వచ్చింది ఒక గట్టి వాస్తవం.

దీనికి మొదట తోచే సబ్జెక్ట్ "మీ సహాయ పేజీల గురించి". ఇది అబద్ధం కాదు, పొట్టిగానూ ఉంది, కానీ విషయం చెప్పి ఊరుకుంది. అందులో ఒక సంగతంటూ లేదు. తరవాత తోచేది "మీ సహాయ పేజీల్లో 7 తప్పులు". ఇందులో సంగతి ఉంది గానీ, అంకె వేసి ఆశపెట్టే శీర్షికలు చదివి చదివి విసిగిన కంటికి ఇది ప్రకటనలా కనిపిస్తుంది, పైగా తప్పు ఎక్కడుందో చెప్పకుండా నింద మాత్రం మోపుతోంది. మూడోసారి "ఇన్‌వాయిస్ రద్దు పేజీలో పాత మెనూ" అని రాస్తాం. ఇది ఆ సంస్థలోనే పనిచేసే ఉద్యోగి తన సహోద్యోగికి పెట్టే సబ్జెక్ట్‌లా ఉంది. ఆ పోలిక నటన కాదు. లోపల ఉన్నది నిజంగా అదే విషయం కాబట్టి ఉద్యోగి అయినా ఇలాగే రాస్తాడు. మరో సంస్థకు దీన్ని పంపలేం, తెరలో తెగిపోయినా "ఇన్‌వాయిస్ రద్దు పేజీ" అన్నంత వరకు కనిపిస్తుంది. చోటు తక్కువ కాబట్టి ఎప్పుడూ ఆ సంస్థకే చెందిన పదాన్ని ముందు, మామూలు పదాన్ని వెనక పెట్టండి.

ఇప్పుడు మొదటి వాక్యం. "సహాయ పేజీలు పాతబడితే సపోర్ట్‌కు వచ్చే ప్రశ్నలు పెరుగుతాయి" అని మొదలుపెట్టాలని మీకు అనిపించవచ్చు, ఎందుకంటే మీ సేవకు అసలు కారణం అదే. కానీ అది ఆయనకు తెలిసిన సంగతే, పాఠం చెప్పినట్టు ఉంటుంది. సబ్జెక్ట్‌లో చెప్పినదాన్నే మళ్లీ చెప్పినా చోటు వృథా. సబ్జెక్ట్ లేవనెత్తిన ప్రశ్నకు, అంటే ఏ పాత మెనూ, దానివల్ల ఏమైంది అన్నదానికి, మొదటి వాక్యం జవాబు చెప్పాలి. అందుకని ఇలా రాస్తాం: "ఆ పేజీ 'బిల్లింగ్' మెనూ తెరవమంటోంది, కొత్త డిజైన్‌లో ఆ మెనూ లేదు." సబ్జెక్ట్‌ను ఆనుకుని చదివితే రెండూ కలిసి ఒక పూర్తి సమాచారం అవుతున్నాయి. మెయిల్ తెరవకపోయినా ఆయనకు విషయం తెలిసిపోయింది. ఇలా అయితే తెరవాల్సిన అవసరమే ఉండదు కదా అని మీ భాగస్వామి అడగవచ్చు. తెరుస్తారు, ఎందుకంటే తన ఉత్పత్తిలో ఒక లోపం గురించి ఇంత కచ్చితంగా చెప్పిన మనిషికి ఇంకేం తెలుసో చూడాలనిపిస్తుంది. దాచిపెట్టి రేపిన కుతూహలం కన్నా, సగం చెప్పి కలిగించిన నమ్మకం ఎక్కువ దూరం చదివిస్తుందన్నది నా దృఢమైన అభిప్రాయం.

మిగతా మెయిల్ ఆ తరవాత సులభం. "ట్రయల్ ఖాతాలో ఇన్‌వాయిస్ రద్దు చేయబోయి అక్కడ ఆగిపోయాను. అదే పాత మెనూను చూపిస్తున్న పేజీలు మరో ఆరు ఉన్నాయి. వాటి జాబితా పంపమంటారా? సహాయ పేజీలు రాసి సరిదిద్దడం మా పని. జాబితాకు డబ్బు అక్కర్లేదు, దాన్ని పట్టుకుని మీ బృందమే సరిచేసుకోవచ్చు." మీ పరిచయం చివరికి వచ్చింది, అప్పటికి దానికి అర్థం ఏర్పడింది. అడిగినది "పంపండి" అన్న ఒక్క మాటతో జవాబివ్వగలిగినంత చిన్నది. మీకు వచ్చిన రెండు "ఇప్పుడు అవసరం లేదు"లను ఈ కోణంలో చూడండి: ఆ ఇద్దరూ మెయిల్ చదివారు, అయితే మీరు ఏం ఇవ్వగలరన్నది తేలక ముందే కొనుగోలు నిర్ణయం అడిగినట్టు వారికి అనిపించి ఉండవచ్చు. వారి విషయంలో విఫలమైంది మొదటి వాక్యం కాదేమో. మిగతా యాభై ఎనిమిది మంది విషయంలో ఆ మాట చెప్పలేం.

ఈ మొదటి వాక్యం జాబితాలో కనబడాలంటే దానికి ముందు ఇంకేదీ రాకూడదు. మెయిల్ పైభాగాన సంస్థ లోగో పెడితే, ఆ బొమ్మకు ఇచ్చిన వివరణ పాఠమో, "బ్రౌజర్‌లో చూడండి" అన్న లింకో లోపలి పాఠం స్థానంలో కనిపించే ప్రమాదం ఉంది. అందుకే బొమ్మలు లేని మామూలు పాఠంగా పంపండి. సంబోధన కూడా ఆ చోటులోనే లెక్కకు వస్తుంది కాబట్టి పేరుకు గారు చేర్చి అంతటితో ఆపండి. పంపినవారి పేరు దగ్గర సంస్థ పేరో "బృందం" అన్న మాటో కాక మీ సొంత పేరు ఉంచండి. బృందాల నుంచి వచ్చేవి ప్రకటనలని అలవాటైపోయింది. పంపేముందు ఆ మెయిల్‌ను మీకే పంపుకుని, ఫోన్‌లో తెరవకుండా జాబితాలోనే చూడండి. ఇంకా మంచిది, మీ పని గురించి తెలియని ఒకరికి ఆ తెరను రెండు మూడు సెకన్లు చూపించి పక్కకు తీసి, ఆ మెయిల్ దేని గురించి అని అడగండి. "ఏదో పేజీలో తప్పుందట" అంటే సరే. "ఎవరో ఏదో అమ్ముతున్నారు" అంటే మళ్లీ రాయాలి.

ఇక మీ భాగస్వామి చెప్పిన రెండు పద్ధతులు. "Re:" అనేది జవాబుకు వచ్చే గుర్తు. అది చూసి తెరిచిన మనిషి కింద పాత సంభాషణ కోసం వెతుకుతాడు. అది లేదని తెలిసిన క్షణంలో మీ మొదటి వాక్యం ఎంత మంచిదైనా చదవబడదు, ఎందుకంటే అప్పటికే మీ మాట నమ్మదగనిదని తేలింది. మోసగించే సబ్జెక్ట్ లైన్లను అమెరికాలో 2003 నాటి కాన్-స్పామ్ చట్టం నిషేధిస్తోంది, అక్కడివారికి రాస్తే అదొక చిక్కు. అంతకన్నా దగ్గరి నష్టం మరొకటి: కోపం వచ్చినవారు స్పామ్ బటన్ నొక్కుతారు. గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి అమలు చేస్తున్న నియమాల ప్రకారం జీమెయిల్‌కు పంపేవారి మీద వచ్చే స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం లోపు, అంటే వెయ్యికి మూడు లోపు ఉండాలి. మీలా పదుల్లో పంపేవారికి ఒకటి రెండు ఫిర్యాదులే ఆ నిష్పత్తిని దాటిపోతాయి. అలాంటి గుర్తింపు మీ డొమైన్‌కు అంటుకుంటే, మోసం లేకుండా రాసిన తరవాతి మెయిళ్లు కూడా స్పామ్ ఫోల్డర్‌లో పడవచ్చు. ఇంత చేసి దక్కేది కొన్ని తెరవడాలు మాత్రమే, అవి కూడా మీకు జవాబు రాయని తెరవడాలు.

"మీ సైట్‌లో పెద్ద సమస్య" అన్నది వేరే రకం పొరపాటు. వెబ్‌సైట్ నడిపే ప్రతి వ్యవస్థాపకుడికీ, మీ సైట్‌లో భద్రతా లోపం కనిపెట్టామని, బహుమతి ఇస్తే చెబుతామని అపరిచితుల నుంచి మెయిళ్లు వస్తూనే ఉంటాయి. వాటిలో చాలావరకు ఏ టూలో వెతికి ఇచ్చిన చిల్లర విషయాలు. మీ సబ్జెక్ట్ సరిగ్గా వాటి మధ్యకు చేరుతుంది. అయితే మీ భాగస్వామి ఊహలో ఒక సత్యం ఉంది, దాన్ని మీరు ఒప్పుకోవాలి: ఎదుటివారి సొంత ఉత్పత్తిలోని సమస్య గురించిన మాట, మీ సేవల గురించిన మాట కన్నా బలంగా లాగుతుంది. ఆమె సమస్యను పెద్దదిగా, అస్పష్టంగా చెప్పాలనుకుంటోంది. దాన్నే చిన్నదిగా, కచ్చితంగా చెప్పమంటున్నాను. ఈ మాట చెబితే మీ వాదన చాలావరకు తీరవచ్చు, ఎందుకంటే ఆమెకు కావలసిన బలమూ, మీకు కావలసిన నిజాయితీ కూడా అందులో ఉన్నాయి.

చూసిన లోపంతో మొదలుపెట్టే దారికి కూడా ఖర్చులు ఉన్నాయి. ఒక్కో మెయిల్‌కు అరగంట పడుతుంది కాబట్టి వారానికి పది మందికి మించి రాయలేరు. కొందరికి లోపం ఎత్తిచూపడం నచ్చదు. ముఖ్యంగా ఆ పేజీని వ్యవస్థాపకుడే స్వయంగా రాసి ఉంటే. అందుకే వాక్యంలో పేజీయే కర్తగా ఉండాలి, మనిషి కాదు: "మీరు మార్చడం మరిచిపోయారు" అనకుండా "ఆ పేజీ పాత మెనూ చూపిస్తోంది" అనాలి. నిన్న చూసిన లోపాన్ని ఇవాళ వారు సరిచేసి ఉండవచ్చు, కాబట్టి పంపే రోజు ఉదయం మళ్లీ ఒకసారి చూడాలి. లేని లోపాన్ని చెప్పే మెయిల్ మీ వృత్తికే మచ్చ. మీకు కనిపించినది ఇతర వినియోగదారుల వివరాలు బయటపడేంత తీవ్రమైనదైతే దాన్ని సబ్జెక్ట్‌లో రాయకండి, అమ్మకపు మాటతో కలపకండి. అలాంటిది ఏమీ ఆశించకుండా, భద్రతా ఫిర్యాదుల కోసం వారు ఇచ్చిన చిరునామాకు విడిగా తెలియజేయాలి.

కొన్ని సంస్థల ఉత్పత్తి బయటివారికి తెరిచి ఉండదు. వారి ప్రతినిధితో మాట్లాడితే తప్ప ట్రయల్ ఇవ్వరు, సహాయ పేజీలకు కూడా లాగిన్ ఉంటుంది. అలాంటివారి కోసం రెండో దారి ఉంది, ఈ మధ్య జరిగిన ఒక మార్పుతో మొదలుపెట్టడం. పెట్టుబడి వచ్చిన వార్తతో మాత్రం మొదలుపెట్టకండి, ఆ వారంలో ఆ వ్యవస్థాపకుడి మెయిల్ పెట్టె నిండా అభినందనలతో మొదలై అమ్మకంతో ముగిసే మెయిళ్లే ఉంటాయి. ఉద్యోగ ప్రకటన మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. కస్టమర్ సపోర్ట్‌కు మనుషులు కావాలన్న ప్రకటనలో, చేరినవారు చేయవలసిన పనుల జాబితాలో "సహాయ పేజీలు రాయడం" ఉందనుకోండి. అప్పుడు సబ్జెక్ట్ "సపోర్ట్ ఉద్యోగంలో సహాయ పేజీల పని", మొదటి వాక్యం "కొత్తగా చేరేవారు ఉత్పత్తి నేర్చుకునే మొదటి వారాల్లోనే పేజీలు కూడా రాయాలని మీ ప్రకటనలో ఉంది". ప్రకటన ఉందన్న సంగతి ఆయనకు తెలుసు. అందులో రెండు పనులు ఒకదానికొకటి అడ్డువస్తాయన్నది గమనించి ఉండకపోవచ్చు. ఆ రెండో భాగమే ఈ వాక్యాన్ని నిలబెడుతుంది. ఇది లోపం చూపించినంత గట్టిగా ఉండదు, మీ ఊహ తప్పు కూడా కావచ్చు, ఉద్యోగం భర్తీ అయిన మరునాడే పాతబడిపోతుంది. కానీ నొప్పించే ప్రమాదం తక్కువ.

మూడోది ఇద్దరికీ తెలిసిన మనిషి పేరుతో మొదలుపెట్టడం. అది దొరికితే అన్నిటికన్నా బలమైనది, పేరును సబ్జెక్ట్‌లోనే పెట్టండి. కానీ ఆ మనిషిని ముందుగా అడిగి, ఆయన సరేనన్నాకే పెట్టాలి. వ్యవస్థాపకులు ఇలాంటి మెయిల్ వస్తే వెంటనే ఆ మనిషికి ఒక సందేశం పెట్టి అడుగుతారు. అక్కడ "ఆవిడ ఎవరో నాకు సరిగా గుర్తు లేదు" అన్న జవాబు వస్తే మీకు ఇద్దరి దగ్గరా మాట పోతుంది.

ఎక్కువ మందికి రాయకుండా పని నడవదని మీరనుకుంటే మధ్యే మార్గం ఒకటి ఉంది. ఒకే రకం లోపం ఉండే అవకాశమున్న సంస్థలను మాత్రమే ఎంచుకోండి, ఉదాహరణకు గత కొద్ది నెలల్లో డిజైన్ మార్చినట్టు ప్రకటించిన చిన్న సంస్థలు. అప్పుడు ఎక్కడ వెతకాలో మీకు ముందే తెలుస్తుంది కాబట్టి అరగంట పని పది నిమిషాలకు తగ్గుతుంది. వాక్యం అచ్చు ఒకటే ఉన్నా పేజీ పేరు, మెనూ పేరు ప్రతిసారీ మీరు కళ్లతో చూసి రాసినవే అయి ఉంటాయి. నేనైతే మీ పరిస్థితిలో ఈ దారినే ఎంచుకుంటాను. నాలుగు వారాలు ఇలా చేయడానికి మీ భాగస్వామి ఒప్పుకుంటే, పోల్చి చూడటానికి మీ ఇద్దరి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఆ పోలికలో తెరిచిన లెక్కను పూర్తిగా పక్కన పెట్టి, వచ్చిన జవాబుల రకాన్ని రాసుకోండి. అరవైకి రెండు జవాబులు నాలుగైనంత మాత్రాన పద్ధతి మెరుగైందని చెప్పలేం, అంత తేడా యాదృచ్ఛికంగానూ వస్తుంది. కానీ "జాబితా పంపండి" అన్న జవాబు, "ఏ పేజీ అది?" అన్న ప్రశ్న, మీ మెయిల్‌ను సపోర్ట్ చూసే వ్యక్తికి పంపి మిమ్మల్ని కలిపిన సందర్భం, ఇవి మొదటి వాక్యం దాటి చదివారనడానికి నేరుగా సాక్ష్యాలు. "ఇప్పుడు అవసరం లేదు" అన్నవి ఎక్కువైతే పైభాగం పనిచేస్తోందని, అడిగిన తీరును మార్చాలని అర్థం చేసుకోవచ్చు. పూర్తి నిశ్శబ్దమే కొనసాగితే, మాటలు మార్చేముందు మెయిళ్లు అసలు ఇన్‌బాక్స్‌కు చేరుతున్నాయో లేదో వేర్వేరు సంస్థల మెయిల్ ఖాతాలున్న మీ స్నేహితులకు పంపి తనిఖీ చేసుకోండి. మీ డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే గుర్తింపు ఏర్పాట్లు లేకపోతే ఎంత మంచి సబ్జెక్ట్ అయినా ఎవరి కంటా పడకపోవచ్చు.

జవాబు రాకపోతే వారం తరవాత మీ మొదటి మెయిల్‌కే జవాబుగా రెండోది రాయండి. అప్పుడు "Re:" నిజంగానే వస్తుంది, కింద పాత మెయిల్ కూడా ఉంటుంది. అందులో మొదటి వాక్యం "నా మెయిల్ చూశారా?" అని ఉండకూడదు, అది ఆయనను సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది. కొత్త సంగతి ఒకటి చెప్పాలి, "అదే పాత మెనూ రిఫండ్ పేజీలోని బొమ్మలో కూడా ఉంది" అన్నట్టు. రాసేముందు ఆ మొదటి పేజీని మళ్లీ తెరిచి చూడండి. జవాబు ఇవ్వకుండానే దాన్ని సరిచేసి ఉంటే, మీ మెయిల్ చదివారనడానికి అవకాశం ఎక్కువ. అప్పుడు "ఇన్‌వాయిస్ రద్దు పేజీ సరైంది, మిగిలిన ఆరు ఇవి" అని మొదలుపెట్టి, అడగకపోయినా జాబితాను అక్కడే ఇచ్చేయండి. దానికీ పలకకపోతే మూడోది రాయకుండా, ఆ సంస్థ మళ్లీ డిజైన్ మార్చేదాకా ఆగండి.